స్టికీ స్ట్రైకా, స్టికీ డెల్టానా: నిఫ్టీ పుట్ అమ్మినవారికి ఏది మేలు?

ధర ఒకటే, ఇంప్లైడ్ వొలటాలిటీ ఒకటే అయినా, ఒకే పుట్‌కు రెండు సాఫ్ట్‌వేర్లు రెండు డెల్టాలు, అంటే సూచీ ఒక పాయింటు కదిలితే పుట్ ధర ఎంత కదులుతుందన్న రెండు అంచనాలు, ఎందుకు చూపిస్తాయని ఆప్షన్లు అమ్మే మిత్రులు ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు. చాలా సందర్భాల్లో లెక్కలో తప్పేమీ ఉండదు. సూచీ కదిలినప్పుడు వొలటాలిటీ స్మైల్, అంటే స్ట్రైక్‌ను బట్టి వొలటాలిటీ మారే వంపు, ఎటు కదులుతుందన్న విషయంలో ఒక సాఫ్ట్‌వేర్ ఒక ఊహ చేస్తే, రెండవది మరొక ఊహ చేస్తుంది. నేనూ చాలాకాలం దీన్ని పట్టించుకోలేదు. నా హెడ్జ్ షీటును తిరగరాయవలసి వచ్చినప్పుడు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోక తప్పలేదు.

మొదటి ఊహ స్టికీ స్ట్రైక్. ప్రతి స్ట్రైక్ తన వొలటాలిటీని పట్టుకొని కూర్చుంటుంది; సూచీ ఎటు పోయినా 24,500 స్ట్రైక్‌కు నిన్న ఉన్న 15 శాతమే ఇవాళా ఉంటుంది. రెండవది స్టికీ డెల్టా. ఇందులో స్మైల్ మొత్తం సూచీ వెంట నడుస్తుంది, కాబట్టి ఏటీఎం వొలటాలిటీ, అంటే సూచీ ఉన్నచోటి స్ట్రైక్ వొలటాలిటీ, ఎప్పుడూ అంతే ఉంటుంది, మారేది ఒక్కొక్క స్ట్రైక్‌కు దక్కే వొలటాలిటీ. ఈ పేర్లను 1999లో గోల్డ్‌మన్ శాక్స్‌లో ఉన్న ఇమాన్యుయెల్ డెర్మన్ విశ్లేషణ ప్రచారంలోకి తెచ్చింది. ఒక పరిధిలో ఊగే మార్కెట్‌కు మొదటిది, నిలకడగా ఒకవైపు సాగే మార్కెట్‌కు రెండవది సరిపోతాయని ఆయన చెప్పారు. ఆయన చెప్పిన మూడవ ఊహ, అంటే లోకల్ వొలటాలిటీ చెట్టు ప్రకారం స్మైల్ సూచీకి ఎదురుగా కదలడం, బెదిరిన మార్కెట్‌కు చెందినది. దాని సంగతి దారిలో తగులుతుంది.

ఈ పోలికలో తక్కిన అంశాల కన్నా నాకు నిర్ణాయకంగా తోచేది ఒక్కటే: హెడ్జ్ కోసం ఎన్ని ఫ్యూచర్లు అమ్మాలి? స్మైల్ ఆకారం అందంగా ఉందా, గణితం సొగసుగా ఉందా అన్నవి తరువాతి మాటలు. అందుకే ఒక ఉదాహరణను చివరిదాకా లెక్క కట్టి చూద్దాం. సంఖ్యలు తేలిక కోసం ఎంచుకున్నవి.

నిఫ్టీ ఫ్యూచర్ 25,000 వద్ద ఉంది, ఎక్స్‌పైరీకి 30 రోజులున్నాయి. ఏటీఎం వొలటాలిటీ 14 శాతం. స్ట్రైక్ 500 పాయింట్లు దిగినకొద్దీ వొలటాలిటీ ఒక పాయింటు పెరుగుతుంది, అంటే స్క్యూ వాలు ఒక సూచీ పాయింటుకు మైనస్ 0.002. ఈ లెక్కన 24,500 పుట్ వొలటాలిటీ 15 శాతం, ధర సుమారు 220 రూపాయలు, బ్లాక్-షోల్స్ డెల్టా మైనస్ 0.312. వొలటాలిటీ ఒక పాయింటు మారితే ధర సుమారు 25.3 రూపాయలు మారుతుంది. వేగా అంటే అదే.

స్మైల్ కదలికను కూడా కలుపుకుంటే డెల్టా ఇలా వస్తుంది:

```
delta = delta_BS + vega × (R − 1) × skew
R = ΔATM_vol / (skew × ΔF)
```

ఇక్కడి R అన్నది లొరెంజో బెర్గోమి ప్రతిపాదించిన స్క్యూ స్టికీనెస్ నిష్పత్తి. సూచీ కదిలినప్పుడు ఏటీఎం వొలటాలిటీ స్క్యూ వాలు మీద జారితే వచ్చేంత మాత్రమే మారిందా, అంతకన్నా ఎక్కువ మారిందా, అసలు మారలేదా అన్నది ఇది కొలుస్తుంది. R సున్నా అయితే స్టికీ డెల్టా, ఒకటి అయితే స్టికీ స్ట్రైక్, రెండు అయితే తక్కువ గడువు ఆప్షన్ల విషయంలో లోకల్ వొలటాలిటీకి దగ్గర. మొదట రెండు శిబిరాల తగాదాగా కనిపించినది నిజానికి ఒకే కొలబద్ద మీది గుర్తులన్నమాట. ఈ ఒక్క సంగతి తెలిశాక నాకు సగం గందరగోళం తీరింది.

మన పుట్‌కు అన్వయిస్తే, స్టికీ స్ట్రైక్ ప్రకారం డెల్టా మైనస్ 0.312 గానే ఉంటుంది. స్టికీ డెల్టా ప్రకారం వేగాను 0.002తో గుణించి కలపాలి, అంటే సుమారు 0.051 చేరి, మైనస్ 0.261 అవుతుంది. వెయ్యి పుట్‌లు అమ్మినవాడు మొదటి పద్ధతిలో 312 యూనిట్ల ఫ్యూచర్లు అమ్ముతాడు, రెండవ పద్ధతిలో 261 మాత్రమే.

ఇప్పుడు సూచీ 100 పాయింట్లు పడిందనుకోండి. స్టికీ డెల్టా నమ్మినవాడు 24,500 పుట్ వొలటాలిటీ 15 నుంచి 14.8కి తగ్గుతుందని ఎదురుచూస్తాడు. పడిపోతున్న మార్కెట్‌లో ఒక స్ట్రైక్ వొలటాలిటీ తగ్గుతుందని ఆశించడం ఎలాంటిదో, సూచీ ఆప్షన్లు అమ్మిన ఎవరికైనా చెప్పనక్కరలేదు. స్టికీ స్ట్రైక్ నమ్మినవాడు 15 వద్దే ఉంటుందంటాడు. సూచీ ఆప్షన్లలో తరచుగా జరిగేది మూడవది: R ఒకటికి, రెండుకు మధ్య ఎక్కడో ఉంటుంది, స్ట్రైక్ వొలటాలిటీ కూడా కొంచెం పెరుగుతుంది. R ను 1.5గా తీసుకుంటే అది 15.1 అవుతుంది, సరైన డెల్టా మైనస్ 0.337. అంటే స్టికీ డెల్టా షీటు పెట్టుకున్నవాడు 337 అమ్మవలసిన చోట 261 అమ్మాడు. తెర మీద డెల్టా న్యూట్రల్ అని కనిపిస్తున్నా, అతని పుస్తకంలో 76 యూనిట్ల లాంగ్ పొజిషన్ దాగి ఉంది. 100 పాయింట్ల పతనంలో అది 7,600 రూపాయల నష్టం. స్టికీ స్ట్రైక్ వాడినవాడు కూడా పూర్తిగా సరిగ్గా లేడు, కానీ అతనికి మిగిలిన తేడా 25 యూనిట్లే.

ఇక్కడే స్ట్రాంగిల్ అమ్మేవారు జాగ్రత్తపడాలి. పుట్ పక్క తక్కువ అమ్మిన తప్పును కాల్ పక్క తప్పు రద్దు చేస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది అది కాదు. స్టికీ డెల్టా కాల్ డెల్టాను కూడా అసలుకన్నా ఎక్కువగా చూపిస్తుంది, కాల్ అమ్మినవాడు దానికి తగ్గట్టు అవసరానికి మించి ఫ్యూచర్లు కొంటాడు. రెండు తప్పులూ లాంగ్ వైపే పోగవుతాయి.

వారపు ఎక్స్‌పైరీలో వేగా చిన్నది కాబట్టి ఈ గొడవ ఉండదన్న వాదన కూడా విన్నాను. గడువు తగ్గేకొద్దీ వేగా తగ్గుతుంది, నిజమే, కానీ ఏటీఎం దగ్గర స్క్యూ వాలు నిటారవుతుంది. గుణించేది ఆ రెండింటినీ కాబట్టి సవరణ మీరు అనుకున్నంత కుంచించుకుపోదు.

ఏ ఊహ మీకు వర్తిస్తుందో తెలుసుకోవడానికి ఎవరి మాటా నమ్మనక్కరలేదు. ఒకే ఎక్స్‌పైరీ తీసుకొని, రోజూ ఒకే సమయంలో ఫ్యూచర్ ధర, ఏటీఎం వొలటాలిటీ, స్క్యూ వాలు రాసిపెట్టండి. స్పాట్ కాదు, ఫ్యూచర్ తీసుకోవాలి. లేకుంటే బేసిస్ మార్పు కాల్, పుట్ వొలటాలిటీలను వేరువేరుగా చూపించి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. నిఫ్టీ 200 పాయింట్లు పడిన రోజున ఏటీఎం 0.6 పాయింట్లు పెరిగితే, స్క్యూ జారుడు వల్ల రావలసింది 0.4 కాబట్టి ఆ రోజు R 1.5. అయితే రోజువారీ R ల సగటు తీసుకోకండి. సూచీ పది పాయింట్లే కదిలిన రోజున హారం దాదాపు సున్నా అయి, ఆ ఒక్క రోజే సగటును చెడగొడుతుంది. ఏటీఎం మార్పును ఒక అక్షం మీద, స్క్యూ జారుడును మరొక అక్షం మీద పెట్టి, ఆ చుక్కల గుండా గీసిన గీత వాలును తీసుకోవాలి.

కొన్ని రోజులను ఈ లెక్కలోంచి తీసేయాలి. 2024 జూన్ 4న ఓట్ల లెక్కింపు రోజున నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది, మరునాడు 3 శాతానికి పైగా లేచింది, ఇండియా విక్స్ కుప్పకూలింది. అక్కడ వొలటాలిటీ పడిపోవడానికి ప్రధాన కారణం అనిశ్చితి తీరిపోవడం. సూచీ కదలిక వాటా ఎంతో విడదీయలేము. బడ్జెట్, రిజర్వ్ బ్యాంకు పరపతి నిర్ణయం వెలువడే రోజులూ ఇలాంటివే.

కొలతకు ఓపిక లేనివారికి మరొక పరీక్ష ఉంది. న్యూట్రల్‌గా ఉంచిన పుస్తకంలో రోజువారీ మిగులు లాభనష్టాలను సూచీ కదలిక పక్కన పెట్టి చూడండి. అమ్మినవారికి గామా నష్టం, అంటే సూచీ కదిలేకొద్దీ డెల్టా మారిపోవడం వల్ల కలిగే నష్టం, రెండు వైపులా వస్తుంది, కాబట్టి బోర్లించిన గిన్నెలాంటి ఆకారం సహజం. ఆ గిన్నె ఒక పక్కకు ఒరిగి, పతనాల్లో ఎక్కువగా, లేచినప్పుడు తక్కువగా నష్టపోతున్నట్టు కనిపిస్తే మీ డెల్టా తప్పు. నేను షీటు మార్చడానికి కారణం ఆ ఒరుగుడే.

ఇంత చెప్పాక స్టికీ స్ట్రైక్‌కు ఉన్న లోపాన్ని దాచడం న్యాయం కాదు. అది అక్షరాలా నిజమైతే ఊరికే డబ్బు దొరకాలి. 15 శాతం వొలటాలిటీ ఉన్న 24,500 పుట్ అమ్మి, 13 శాతం ఉన్న 25,500 కాల్ కొని, గామా సున్నా అయ్యేలా సంఖ్యలు సరిచేసి, డెల్టాను ఫ్యూచర్లతో మూసేస్తే, అమ్మినదాని టైమ్ డికే కొన్నదాని డికే కన్నా ఎక్కువ. వడ్డీని పక్కన పెడితే, ఒకే గామాకు డికే వొలటాలిటీ వర్గానికి అనుపాతంలో ఉంటుంది, అంటే 225కు 169. వొలటాలిటీలు కదలకపోతే ఆ తేడా ప్రతిరోజూ ఊరకే చేతికొస్తుంది. మార్కెట్ అంత దయగలది కాదు. సూచీ పడినప్పుడు స్ట్రైక్ వొలటాలిటీలు పెరగడం ద్వారా దాన్ని వెనక్కి లాక్కుంటుంది. R ఒకటిని దాటి ఉండడానికి ఒక కారణం ఇందులోనే కనిపిస్తుంది. అందుకే నేను స్టికీ స్ట్రైక్‌ను సిద్ధాంతంగా నమ్మను. చేతికి తేలికగా అందే మొదటి అంచనాగా వాడి, R ను ఒకటికి పైన ఉంచి సవరిస్తాను.

విదేశీ మారకం ఆప్షన్ల సంగతి వేరు. అక్కడ బ్యాంకులు ధర చెప్పేదే ఏటీఎం, 25 డెల్టా రిస్క్ రివర్సల్, బటర్‌ఫ్లై రూపంలో కాబట్టి స్టికీ డెల్టా సహజమైన అలవాటు. స్క్యూ చిన్నదిగా ఉన్న జంటల్లో రెండు ఊహల మధ్య తేడా కూడా స్వల్పమే.

సూచీ విషయంలో కూడా స్టికీ డెల్టాకు నేను వదిలిపెట్టిన చోటు ఒకటుంది: దీర్ఘకాలపు ఊహాగణన. మూడు నెలల తరువాత నిఫ్టీ 28,000కు చేరితే నా పుస్తకం ఎలా ఉంటుందని చూడాలంటే, స్టికీ స్ట్రైక్ పాత వాలు మీదే జారుకుంటూ పోయి ఏటీఎం వొలటాలిటీ 8 శాతమని చెబుతుంది. మార్కెట్ నెమ్మదిగా ఎదిగినప్పుడు స్మైల్ కూడా కొత్త స్థాయికి వచ్చి కూర్చుంటుంది, కాబట్టి అక్కడ 14కు దగ్గరగా పెట్టుకోవడమే సబబు. అందుకే నా షీటులో ఇప్పుడు రెండు గడులున్నాయి: ఇవాళ్టి హెడ్జ్‌కు R 1.5, మూడు నెలల గణనకు R సున్నా.