ఈ-ఇన్‌వాయిస్ క్యూఆర్ వెరిఫైయర్ యాప్: పైపుల షాపు లెక్కల్లో చాలాకాలం వాడాక

అనంతపురంలో పీవీసీ పైపులు, బోరు మోటార్లు అమ్మే షాపులో కొనుగోలు లెక్కలు చూస్తాను. మాకు సరుకు ఎక్కువగా బెంగళూరు నుంచి వస్తుంది. లారీ కంటే ముందే బిల్లు ఫోటో వాట్సాప్‌లో దిగుతుంది, డబ్బు వెయ్యమని ఫోను దాని వెనకాలే వస్తుంది. ఆ ఫోటోలో అంకెలు ఎవరైనా మార్చారా అని చూసుకోవడానికి, జీఎస్టీ కంప్యూటర్ వ్యవస్థ నడిపే సంస్థ జీఎస్టీఎన్ వాళ్ల క్యూఆర్ వెరిఫైయర్ యాప్ వాడుతున్నాను. 2023లో వచ్చిన యాప్ ఇది. ఉచితం, లాగిన్ గొడవ లేదు.

అమ్మినవాళ్లు బిల్లును ప్రభుత్వ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌లో నమోదు చేసినప్పుడు, దానిలోని కొన్ని వివరాలకు పోర్టల్ డిజిటల్ సంతకం పెట్టి క్యూఆర్‌గా ఇస్తుంది. అమ్మినవారి, కొన్నవారి జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం విలువ, ఎన్ని రకాల సరుకు, ప్రధాన సరుకు ఏ రకమో చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, నమోదైన బిల్లుకు దక్కే ప్రత్యేక గుర్తింపు నంబరు ఐఆర్‌ఎన్, అది పుట్టిన తేదీ. అందులో ముఖ్యంగా ఉండేవి ఇవే. ఫోటోలో అంకె దిద్దడం ఎవరికైనా చేతనవుతుంది కానీ ఈ క్యూఆర్‌లో అంకె మారిస్తే సంతకం చెల్లదు. అందుకే దొంగ బిల్లు చేసేవాడు క్యూఆర్ జోలికి పోకుండా పైన అచ్చయిన అంకెల్నే మారుస్తాడు.

మాకు ఎదురైంది సరిగ్గా అదే. ఏజెంటు ద్వారా కొన్న సరుకు, డబ్బు కూడా అతనికే ఇచ్చే పద్ధతి. బిల్లులో 300 పైపులు, ఒక్కోటి 1,050 చొప్పున 3,15,000. దాని మీద 18 శాతం ఐజీఎస్టీ 56,700. మొత్తం 3,71,700. కాలిక్యులేటర్‌తో ఎన్నిసార్లు కొట్టినా లెక్క పైసాతో సహా కలుస్తుంది. క్యూఆర్ స్కాన్ చేస్తే మాత్రం లోపల ఉన్నది ఇది:

```
"TotInvVal":336300,"ItemCnt":1,"MainHsnCode":"39172390"
```

అంటే బిల్లు మొత్తం 3,36,300. తేడా 35,400. దాన్ని 1.18తో భాగిస్తే సరిగ్గా 30,000, అంటే పైపుకు వంద. అసలు రేటు 950 అన్నమాట. కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లూ అదే చెప్పారు. "రౌండాఫ్‌లో ఏదో తేడా వచ్చుంటుందిలే అన్నా" అన్నాడు ఏజెంటు. రౌండాఫ్ అంటే పైసలు, మహా అయితే రూపాయి. ఈ తేడా మరుసటి నెల 14వ తేదీన మా కొనుగోళ్ల పట్టికగా వచ్చే జీఎస్‌టీఆర్-2బీలో ఎలాగూ బయటపడేదే, కానీ అప్పటికి డబ్బు చేతులు మారిపోయి ఉండేది.

తేడా కనిపించినంత మాత్రాన మోసమని అనుకోకూడదు. కొందరు పాత బాకీని కూడా కలిపి అడుగున పెద్ద అక్షరాల్లో వేస్తారు. క్యూఆర్‌తో పోల్చాల్సింది ఆ అంకెను కాదు, ఆ ఒక్క బిల్లు మొత్తాన్ని.

ఇంకో సంగతి. మామూలు స్కానర్‌తో చూస్తే `eyJ`తో మొదలయ్యే పొడుగాటి అక్షరాల గుంపు వస్తుంది. దాన్ని విప్పి చదివే సైట్లు ఉన్నాయి కానీ, చదవడం వేరు, సంతకం సరిచూడటం వేరు. ఎవడైనా సొంతంగా అలాంటి క్యూఆర్ తయారుచేసి నచ్చిన అంకె పెట్టుకోవచ్చు. సంతకం పోర్టల్‌దేనా అని యాప్ చూస్తుంది కాబట్టే నేను దాన్ని వదలను.

యాప్‌తో నా ప్రధాన ఫిర్యాదు వాట్సాప్ ఫోటోలతోనే. ఈ క్యూఆర్‌లో చుక్కలు చాలా ఎక్కువ, ఫోటో కుదించుకుపోతే చదవదు. బిల్లును ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపమంటాను, కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి ఫోన్ పెడతాను. అప్పటికీ చదవకపోతే పీడీఎఫ్ అడుగుతాను, అది వచ్చేదాకా డబ్బు వెయ్యను.

యాప్ పట్టలేనివీ ఉన్నాయి. మొత్తం మార్చకుండా పైపుల సంఖ్య తగ్గించి రేటు పెంచితే క్యూఆర్‌కు తెలియదు, ఎందుకంటే సంఖ్య, రేటు అందులో ఉండవు. దానికి కంపెనీకి ఫోన్ చేసి సంఖ్య, రేటు అడగడమే దారి. నమోదైన 24 గంటల్లోపు ఐఆర్‌ఎన్ రద్దు చేసుకునే వీలుంది, రద్దయినా పాత క్యూఆర్ సంతకం చెల్లుతూనే ఉంటుంది. కాబట్టి యాప్‌లో ఐఆర్‌ఎన్ ప్రస్తుత స్థితి కూడా చూడాలి. అన్నిటికంటే పెద్ద లోటు బ్యాంకు ఖాతా నంబరు. అది ఈ సంతకంలో లేదు. అన్ని అంకెలూ కలిసిన బిల్లు మీద ఖాతా నంబరు ఒక్కటే మార్చి పంపితే యాప్ పచ్చజెండా ఊపుతుంది. అందుకే కొత్త ఖాతా కనిపిస్తే బిల్లు మీద ఉన్న నంబరుకు కాదు, మా పాత పుస్తకంలో రాసుకున్న నంబరుకు ఫోన్ చేసి అడుగుతాను.