రీఫండ్‌కి ఏది మేలు: చాట్‌లో ఇచ్చే కూపనా, గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిలా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగువాళ్ళు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఫుడ్ యాప్‌లో ఆర్డర్ చేస్తే ఒక ఐటెం రాలేదు, ఇంకోటి పాడైపోయి వచ్చింది, చాట్‌లో కూపన్ ఇస్తామంటున్నారు, తీసుకోవాలా వద్దా అని. ఈమధ్య మా ఇంట్లోనూ అదే జరిగింది కాబట్టి ఆ బిల్లుతోనే చెప్తాను. యాప్ పేరు అనవసరం.

బిర్యానీ 240, పనీర్ కూర 200, రుమాలీ రోటీలు 60, మొత్తం 500. అందులో 100 డిస్కౌంట్ పోయింది, మిగిలిన 400 మీద 5 శాతం జీఎస్టీ, ఆపైన డెలివరీ ఛార్జీ. రోటీలు అసలు రాలేదు. పనీర్ డబ్బా మూత ఉబ్బి ఉంది, తీస్తే గ్రేవీ మీద సన్నటి బుడగలు, స్పూన్‌తో ఎత్తితే తీగలా సాగింది.

చాట్‌లో అయితే పని నిమిషాల్లో అయిపోతుంది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. రోటీలకి 50.40 వాలెట్‌లో వేస్తాం, కూరకి 100 కూపన్ ఇస్తాం అన్నారు. ఆ కూపన్ వాడాలంటే కనీసం 299 ఆర్డర్ చెయ్యాలి, అదీ వారం లోపల! అంటే మన డబ్బు మనకి రావాలంటే ముందు వాళ్ళకి ఇంకా డబ్బు కట్టాలన్నమాట. నెలలో చాలాసార్లు తెప్పించుకునేవాళ్ళకి, పోయింది ఏ చట్నీయో అయినప్పుడు, ఇది చాలు. పెద్ద మొత్తమైతే నేను వద్దంటాను.

నా దృష్టిలో అసలు తేల్చాల్సింది లెక్క. మెనూ ధర కాదు, డిస్కౌంట్ పోను మీరు నిజంగా ఎంత కట్టారో అది అడగాలి. రోటీలు, కూర కలిపి 260. డిస్కౌంట్ వాటా ఐదో వంతు, 52 తీసేస్తే 208. దానిమీద జీఎస్టీ 10.40. మొత్తం 218.40. ఇలా పైసలతో సహా అడిగితే బేరానికి చోటుండదు. ‘సరైన రీఫండ్ ఇవ్వండి’ అని ఊరికే రాస్తే వాళ్ళకి తోచినంత ఇస్తారు.

అలాగే రెండు ఫిర్యాదులూ కలిపెయ్యొద్దు. ఐటెం రాలేదంటే బ్యాగుకి అంటించిన బిల్లు, వచ్చిన డబ్బాలు ఒకే ఫొటోలో పడాలి. పాడైందంటే కష్టం, ఎందుకంటే వాసనకి ఫొటో ఉండదు. ఉబ్బిన మూత, బుడగలు, సాగే గ్రేవీ దగ్గరగా తియ్యండి, డబ్బా వెంటనే పారెయ్యకండి. చాట్‌లో ఫిర్యాదు మాత్రం ఆ పూటే పెట్టి టికెట్ నంబర్ తీసుకోవాలి, మర్నాటికి ఆ ఆప్షనే కనపడకపోవచ్చు. కూపన్ ఇస్తామన్నప్పుడు ‘దీన్ని అంగీకరించడం లేదు, కట్టిన ఖాతాకే కావాలి’ అని ఒక్క లైను టైప్ చెయ్యండి. ‘ఓకే’ అంటే సమస్య తీరిపోయిందని టికెట్ మూసేస్తారు.

తర్వాత కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ప్రతి యాప్ ఆ ఆఫీసర్ పేరు, కాంటాక్ట్ వివరాలు చూపించాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. మెయిల్ చిన్నగా ఇలా ఉంటే చాలు: ‘ఆర్డర్ నంబర్, తేదీ, టికెట్ నంబర్ ఇవి. రోటీలు రాలేదు, పనీర్ కూర పాడైంది, ఫొటోలు జతచేశాను. కూపన్, వాలెట్ వద్దని చాట్‌లోనే చెప్పాను. రూ.218.40 నేను కట్టిన యూపీఐ ఖాతాకే పంపి, రిఫరెన్స్ నంబర్ ఇవ్వండి.’ ఆ చివరి ముక్క వదలొద్దు. ‘రీఫండ్ పంపాం’ అని యాప్‌లో కనిపించి బ్యాంకులో పడకపోతే, ఆ నంబర్‌తోనే బ్యాంకువాళ్ళు వెతుకుతారు.

దీని లోపం ఆలస్యం. ఆకలిమీద ఉన్నవాళ్ళకి ఓపిక ఉండదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే చెప్పుకోవచ్చు, చాట్‌లో హిందీ, ఇంగ్లీషుతో ఇబ్బందిపడే పెద్దవాళ్ళకి అది మంచిది. కాకపోతే అది కోర్టు కాదు, ఫిర్యాదుని కంపెనీకి చేరవేసి జవాబు రాబడుతుంది, అంతే. మెయిల్‌కి పలకకపోతే అప్పుడు చెయ్యండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయితే కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, కానీ రెండొందల కూరకి ఎవరు తిరుగుతారు? ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐకి ఫిర్యాదు హోటల్ శుభ్రత మీద చర్యకి పనికొస్తుంది, దానితో డబ్బు రాదు.

నేను మెయిలే పెట్టాను. 218.40 ఖాతాలో పడింది. డెలివరీ ఛార్జీ ఇవ్వలేదు, బిర్యానీ బాగానే వచ్చింది కాబట్టి దానికోసం నేనూ పట్టుబట్టలేదు.