చదివింపుల నలభై వేలు, ఆరు రాత్రులు

పెళ్లిలో వచ్చిన చదివింపుల కవర్లన్నీ విప్పి, నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్లు ఒకచోట పేర్చి, అందులోంచి నలభై వేలు హనీమూన్‌కు విడిగా తీశాం. ఇంకో రూపాయి కూడా ముట్టుకోకూడదని మా ఆయన పందెం. మాది ఒడిశాలోని బరంపురం. స్నేహితులు మనాలీ అన్నారు, మున్నార్ అన్నారు. రైలు టికెట్లు, అక్కడి టాక్సీలు కలిపి చూస్తే సగం డబ్బు దారిలోనే అయిపోయేలా ఉంది. దూరానికి పెట్టిన డబ్బు తిరిగి కనిపించదు కదా అని, ఇంటి చుట్టూ నూట పాతిక కిలోమీటర్ల లోపే తిరగాలని నిర్ణయించుకున్నాం. తప్తపాణిలో ఒక రాత్రి, దారింగ్‌బాడిలో రెండు, గోపాలపురంలో రెండు, రంభలో ఒకటి. ఆదివారం బయలుదేరి శనివారం ఇంటికి చేరాం. శనివారం రాత్రి ఏ ఊళ్లోనూ పడకపోవడం వల్ల గదుల అద్దె బాగా తగ్గింది. డిసెంబరులో వారాంతం అయితే దారింగ్‌బాడిలో గది దొరకడమే కష్టం.

గదుల విషయంలో మేం పెట్టుకున్న నియమం ఒక్కటే. పగలు కూడా గదిలో గడిపేచోట ఖర్చు పెడదాం, పడుకోవడానికి మాత్రమే వచ్చేచోట పొదుపు చేద్దాం.

తప్తపాణి మొదటి రకం. బరంపురం నుంచి యాభై కిలోమీటర్లు, మోహనా వైపు వెళ్లే బస్సెక్కితే ఇద్దరికీ రెండు వందల లోపే. అక్కడి ప్రభుత్వ పాంథనివాస్‌లో కొన్ని గదుల్లో వేడినీటి బుగ్గ నీళ్లు నేరుగా తొట్టెలోకి వస్తాయి. అన్ని గదుల్లోనూ రావు, కాబట్టి బుక్ చేసేటప్పుడు తొట్టె ఉన్న గదేనని అడిగి ఖాయం చేసుకోవాలి. మాకు పన్నుతో కలిపి 3,400 పడింది. సాయంత్రం నాలుగింటికి తొట్టె నింపడం మొదలుపెడితే, నీళ్లు కాలు పెట్టేంత చల్లబడేసరికి దీపాలు పెట్టారు. ఆ ఒక్క సాయంత్రానికి ఆ డబ్బు చెల్లిపోయింది.

ఒక్క విషయం మాకెవరూ చెప్పలేదు. ఆ నీళ్లలో గంధకం ఉంటుంది. తెల్లారి చూసుకుంటే నా కొత్త మెట్టెలు, పట్టీలు ఇనపవాటిలా నల్లబడిపోయి ఉన్నాయి. పట్టీలైతే తీసి పక్కన పెట్టేదాన్నే, పెళ్లయిన పన్నెండో రోజున మెట్టెలు తీయమంటే ఎవరు తీస్తారు? ఇంటికొచ్చాక పళ్లపొడితో తోమితే తెలుపు వచ్చింది. బంగారానికి ఏమీ కాలేదు.

కారు లెక్క మాత్రం జాగ్రత్తగా చూసుకోవాల్సినది. వారం మొత్తానికి ఒకే కారు పెట్టుకోమని ఒక ట్రావెల్స్ ఆయన ఇచ్చిన ధర 25,550. ఎలాగని అడిగితే తెలిసింది: కారు తిరిగినా తిరగకపోయినా రోజుకు కనీసం 250 కిలోమీటర్లు లెక్కకడతారు. కిలోమీటరుకు 13 రూపాయలు, డ్రైవరు బత్తా రోజుకు 400. మేం గోపాలపురంలో ఇసుకలో కూర్చుంటే కారు హోటల్ ముందు నిలబడి రోజుకు 3,650 మింగుతుందన్నమాట. అందుకని సోమవారం ఒక్కరోజుకే కారు పిలిచాం. తప్తపాణిలో ఎక్కించుకుని, చంద్రగిరి దగ్గర జీరంగ్‌లోని టిబెటన్ల పద్మసంభవ మహావిహారం చూపించి, దారింగ్‌బాడిలో దింపి వెళ్లిపోయింది. ఖాళీగా వెనక్కి వెళ్లిన దూరంతో కలిపి 300 కిలోమీటర్లు, బత్తాతో 4,300.

దారింగ్‌బాడిలో రోజుకు 1,600 లాడ్జి తీసుకున్నాం. పొద్దున్నే పైన్ చెట్ల మధ్యకు, తర్వాత కాఫీ, మిరియాల తోటకు వెళ్లిపోతాం, రాత్రి వచ్చి రగ్గులో దూరతాం. ఇంతకంటే మంచి గది అక్కడ దండగ. వేడినీళ్లు కుళాయిలో వస్తాయా, బకెట్లో తెచ్చి ఇస్తారా అని మాత్రం ముందే అడగండి. మాకు బకెట్టే, అదీ ఏడు తర్వాతే. ఊరు చూడటానికి ఆటోకు 1,200 ఇచ్చాం.

తప్పు బుధవారం చేశాం. దారింగ్‌బాడి నుంచి గోపాలపురానికి కారైతే మళ్లీ 4,300. బస్సైతే బరంపురం దాకా ఇద్దరికీ 500, అక్కడి నుంచి పదహారు కిలోమీటర్లు ఆటోకు 400. "3,400 మిగులుతుంది" అని మా ఆయన మురిసిపోయారు. ఏడింటికి రావలసిన బస్సు తొమ్మిదిన్నరకు వచ్చింది, ఘాట్ రోడ్డులో నేను కిటికీ వదల్లేదు. గోపాలపురం చేరేసరికి సాయంత్రం నాలుగు. అక్కడ పన్నెండింటి నుంచీ మా కోసం తెరిచి ఉంచిన సముద్రం ఎదుటి గది అద్దె పన్నుతో 7,560. వారంలో అన్నిటికంటే ఖరీదైన గదిలో, మొదటి పగలంతా మేం లేము. మిగతా చోట్ల బస్సు ఎక్కినా ఫరవాలేదు గానీ, ఖరీదైన గదిలోకి చేరే రోజు మాత్రం కారే. ఈసారైతే ఆ 3,400 దారింగ్‌బాడిలో ఒక రాత్రి తగ్గించైనా తెస్తాను.

ఆ గది దగ్గరే ఇంకో గుంట తప్పించుకున్నాం. మా గది అద్దె పన్ను కాకుండా 7,200. కౌంటర్లో ఉన్న అబ్బాయి "మేడం, ఇంకో 400 ఇస్తే పై అంతస్తులో బాల్కనీ పెద్దది" అన్నాడు. నేను సరేననబోయాను. మా ఆయన ఫోన్లో లెక్క వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 వరకు ఉన్న గదికి జీఎస్‌టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. పైగా దాటిన భాగానికే కాదు, మొత్తం అద్దెకు. 7,200 గది పన్నుతో 7,560 అయితే, 7,600 గది 8,968. అబ్బాయి చెప్పిన 400 నిజానికి రాత్రికి 1,408. ఉన్న గదిలోనే ఉన్నాం. పై అంతస్తులోనూ అదే సముద్రం.

భోజనానిదీ ఇదే తంతు. కిందటి ఆర్థిక సంవత్సరంలో ఒక్క గదికైనా 7,500 దాటి వసూలు చేసిన హోటల్లో తింటే బిల్లు మీద 18 శాతం పడుతుంది, బయటి మామూలు రెస్టారెంట్లో 5 శాతమే. అందుకని అద్దెలో కలిసే టిఫిను హోటల్లో తిని, రెండు రాత్రులూ లైట్‌హౌస్ దాకా నడిచి, తీరం వెంట ఉన్న చిన్న హోటళ్లలో వేయించిన చేపలు తిన్నాం. గురువారం పగలంతా గది వదల్లేదు. మా అత్తయ్య ఫోన్ చేసి "ఇంటికి పదహారు కిలోమీటర్లలో పదిహేను వేలు పోసి పడుకున్నారా!" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఇంట్లో ఇంకా పద్నాలుగు మంది చుట్టాలున్నారు.

రంభకు కారు 1,500, చిలికా ఒడ్డున గది 2,100. పడవ అద్దె మనిషికి కాదు, పడవకు, గంటల లెక్కన. ఇంకో జంట వస్తారేమోనని గంటసేపు చూశాం, ఎవరూ రాలేదు, మొత్తం 1,800 మేమే ఇచ్చాం. డాల్ఫిన్లు చూపిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి, అవి సాతపడా వైపు. రంభలో బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ మీది పాత కట్టడం, కొండలు, నీటి మీద పక్షులు, అంతే. నాకు అదే చాలనిపించింది.

తిరుగు రైలు ఇద్దరికీ వంద లోపే. ఆ పడవ, వారం తిండి 4,900, గదులు, దారి ఖర్చులు అన్నీ పోను పుస్తకంలో 1,280 మిగిలింది. రంభ స్టేషన్లో కూర్చుని ఆ లెక్క మూడుసార్లు కూడాం, మూడుసార్లూ అంతే. పక్కనే ఒకామె ఎండురొయ్యలు అమ్ముతోంది. చెరో కిలో, మా అమ్మకూ అత్తయ్యకూ.