కాల్మోడ్యులిన్ మీద ఎక్స్‌-రే, ఎన్‌ఎంఆర్: రెండూ చాలాకాలం వాడాక నా మాట

వైజాగ్‌లో స్ఫటికాలు పెంచుతాను, ఎన్‌ఎంఆర్ శాంపిల్ ఉంటే గోదావరి ఎక్కి హైదరాబాద్ తీసుకెళ్తాను. ఏళ్ల తరబడి ఇదే పని. "ఎక్స్‌-రేనా, ఎన్‌ఎంఆరా, ప్రొటీన్ ఆకారం చూడటానికి ఏది బెటర్ సార్?" అని కొత్త పిల్లలు అడుగుతూనే ఉంటారు. ప్రొటీన్ ఏంటో, దాని గురించి ఏం తెలుసుకోవాలో చెప్పకుండా ఆ ప్రశ్నకి జవాబు లేదు. అందుకే నేనెప్పుడూ కణంలో కాల్షియాన్ని పట్టుకునే కాల్మోడ్యులిన్ అనే ప్రొటీన్‌నే ముందు పెడతాను. 148 అమైనో ఆమ్లాలు, రెండు తలలు, ఒక్కో తలలో రెండేసి కాల్షియంలు, మధ్యలో ఒక లింకు. గొడవంతా ఆ లింకు దగ్గరే.

1980ల్లో వచ్చిన స్ఫటిక నిర్మాణం (ఇప్పుడు పీడీబీ అనే ప్రొటీన్ నిర్మాణాల భాండారంలో 3CLN అనే కోడ్‌తో దొరుకుతుంది) ప్రకారం కాల్మోడ్యులిన్ ఒక డంబెల్. రెండు తలల మధ్య పొడవాటి హెలిక్స్ ఒకటి, ఎక్కడా వంగకుండా నిటారుగా ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ అదే బొమ్మ. 1992లో బార్బటో, ఇకురా, కే, పాస్టోర్, బాక్స్ కలిసి అదే ప్రొటీన్‌ని ద్రావణంలో ఎన్‌ఎంఆర్‌తో కొలిస్తే, 78 నుంచి 81 దాకా ఉన్న చిన్న ముక్క దగ్గర ఆ హెలిక్స్ గట్టిగా లేదని, బాగా కదులుతోందని తేలింది. మరి ఎక్స్‌-రే తప్పు చెప్పిందా? లేదు. స్ఫటికంలో అది నిజంగానే నిటారుగా ఉంది. కాకపోతే స్ఫటికంలోకి రావాలంటే ప్రతి అణువూ ఒకే భంగిమలో, పక్కవాడికి ఆనుకుని నిలబడాలి. ఎన్నో భంగిమల్లో తిరిగేది ఒక్కదాంట్లో ఇరుక్కుంటే మనకి కనిపించేది ఆ ఒక్కటే.

దీనికి ఇంకో సాక్ష్యం కూడా స్ఫటికాల నుంచే వచ్చింది. 2003లో ఫాలన్, కియోచో ఇచ్చిన 1PRW చూడండి. అదే కాల్మోడ్యులిన్, అదే కాల్షియం, కానీ లింకు వంగి రెండు తలలూ దగ్గరికి వచ్చేసి ముద్దలా ఉంటుంది. రెండు నిర్మాణాలూ మంచివే, తప్పులేమీ లేవు. ఆర్-ఫ్రీ లాంటి అంకె మోడల్ మన డేటాకి ఎంత సరిపోయిందో చెబుతుంది గానీ, కణంలో ఆ భంగిమ ఎంతసేపు ఉంటుందో చెప్పదు. పరమాణువుల స్థానం ఎంత అస్పష్టంగా ఉందో చెప్పే బి-ఫ్యాక్టర్ చూస్తే కొంత వాసన తగులుతుంది, లింకు దగ్గర ఎక్కువగా ఉంటే అనుమానించాలి. కాకపోతే అది కదలికా, లేక స్ఫటికంలో ఒక్కో అణువూ కాస్త వేరుగా సర్దుకోవడమా అన్నది ఆ ఒక్క అంకెతో తేలదు.

ఇక ఎన్‌ఎంఆర్ వైపు. బ్యాక్టీరియాని నైట్రోజన్-15 ఉన్న అమోనియం క్లోరైడ్ మీద పెంచి ప్రొటీన్ తీస్తాం. ముందు హెచ్‌ఎస్‌క్యూసీ అనే స్పెక్ట్రం, వెన్నెముకలో ఒక్కో అమైడ్‌కి ఒక్కో చుక్క. కాల్మోడ్యులిన్‌లో ప్రోలిన్లు రెండు, వాటికి చుక్క రాదు, మొదటి అమైనో ఆమ్లం కూడా మామూలుగా కనబడదు కాబట్టి సుమారు 145 రావాలి. కాల్షియం పూర్తిగా పట్టిందా లేదా అన్నది ఇక్కడే తెలిసిపోతుంది. నాలుగు కాల్షియం గూళ్లలోని నాలుగు గ్లైసిన్లు (25, 61, 98, 134) మందని వదిలేసి 10.5 పీపీఎం దాటి విడిగా నిలబడతాయి. ఆ మూలలో నాలుగూ లేకపోతే శాంపిల్‌లో ఇంకా ఈడీటీఏ మిగిలి ఉందేమో చూసుకోండి. ఫినైల్ సెఫరోజ్ కాలమ్ నుంచి దీన్ని దింపేది కాల్షియాన్ని లాగేసే ఈడీటీఏ లాంటి వాటితోనే కదా, సరిగా డయాలిసిస్ చేయకపోతే అది వెంటే వస్తుంది.

తర్వాత రిలాక్సేషన్ కొలతలు. అసలు సరుకు ఇక్కడుంది. గట్టిగా ఉన్న అమైడ్‌లకి హెటరోన్యూక్లియర్ ఎన్‌ఓఈ విలువ 0.8 చుట్టూ ఉంటుంది, వదులుగా ఉన్న చోట పడిపోతుంది. కాల్మోడ్యులిన్‌లో గ్రాఫ్ గీస్తే రెండు ఎత్తైన గట్లు, మధ్యలో గొయ్యి. అంతకంటే గట్టి రుజువు ఇంకోటి ఉంది: రెండు తలలూ వేర్వేరు వేగాలతో దొర్లుతున్నాయని అదే డేటా చెబుతుంది. డంబెల్ కర్రలా బిగుసుకుని ఉంటే మొత్తం ఒక్కటిగా తిరగాలి. ఇది చూస్తుంటే రెండు కొబ్బరికాయల్ని పీచుతాడుతో కట్టి నీళ్లలో వదిలినట్టుంటుంది. ఎన్‌ఎంఆర్‌కి నేను ఎక్కువ మార్కులు వేసేది ఈ పాయింట్ మీదే, ఎక్స్‌-రే డేటాలో ఈ సమాచారం వెతికినా దొరకదు.

అలాగని ఎన్‌ఎంఆర్‌ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అది ఇచ్చే దూరాలు చాలావరకు దగ్గరి హైడ్రోజన్ల మధ్య వచ్చే ఎన్‌ఓఈల నుంచి వస్తాయి, అవి 5, 6 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటితే పనిచేయవు. రెండు తలలూ ఒకదాన్నొకటి తాకనప్పుడు వాటి మధ్య దూరం గురించి ఎన్‌ఓఈలు ఏమీ చెప్పవు. ఎన్‌ఎంఆర్ ఒక్క ప్రొటీన్‌కే చాలా మోడల్స్ ఇస్తుంది, అవన్నీ ఎడమ తల మీద కలిపి పేరిస్తే కుడి తలలు నాలుగు దిక్కులకీ చెదిరిపోతాయి, కుడి తల మీద పేరిస్తే ఎడమవి. కాల్షియం అయాన్ కూడా ఈ స్పెక్ట్రంలో నేరుగా కనబడదు, దాని ప్రభావం మాత్రమే కనిపిస్తుంది. అదే మంచి స్ఫటికం దొరికితే కాల్షియం చుట్టూ ఏడు ఆక్సిజన్లు, ఒక్కోటి 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర్లో, అందులో నీటి అణువు ఏదో కూడా వేలు పెట్టి చూపించొచ్చు. గూడులో కాల్షియం ఎలా కూర్చుందో కావాలంటే నేను కళ్లు మూసుకుని ఎక్స్‌-రే వైపే వెళ్తాను. సైజు మాట కూడా మర్చిపోకండి. ఇది 17 కిలోడాల్టన్‌ల లోపే కాబట్టి సుఖం. 30 దాటితే చుక్కలు వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, అప్పుడు డ్యుటీరియం, ట్రోసీ అంటూ ఖర్చు పెరుగుతుంది.

వైజాగ్‌లో స్ఫటికాలు పెంచేవాళ్లకి ఒక మాట. స్ఫటికం రావడం ఒక టెన్షన్ అయితే దాన్ని గడ్డకట్టించడం ఇంకో టెన్షన్. ఇక్కడి గాలిలో తేమ సంగతి తెలిసిందే, ఏసీ వేసినా ద్రవ నైట్రోజన్ పాత్ర అంచున మంచు పొడి పేరుకుంటుంది, అదే లూప్‌కి అంటుకుంటుంది. డిఫ్రాక్షన్ బొమ్మలో 3.9, 3.67, 3.44 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర గుండ్రటి వలయాలు వస్తే అది ప్రొటీన్ కాదు, మంచు. లూప్‌కి అంటుకున్న మంచు పొడితో వచ్చే వలయమైతే నైట్రోజన్ మార్చి పాత్ర మూతపెట్టి పని చేస్తే తగ్గుతుంది, లోపలి ద్రావణమే గడ్డకట్టి ఉంటే మాత్రం క్రయో ద్రావణంలో గ్లిసరాల్ పెంచాలి. ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ దాకా తీసుకెళ్లాక ఇది చూస్తే ఏడుపొస్తుంది, ఇక్కడే ఒకటి రెండు తీసి చూసుకోండి.

రెండూ ఏకమైన సందర్భం కూడా ఉంది. మయోసిన్ లైట్ చైన్ కైనేజ్ నుంచి తీసిన పెప్టైడ్‌తో కాల్మోడ్యులిన్ కలిసినప్పటి నిర్మాణాలు 1992లోనే వచ్చాయి, ఒకటి ఇకురా బృందం ఎన్‌ఎంఆర్‌తో, ఇంకోటి మీడర్ బృందం ఎక్స్‌-రేతో. పెప్టైడ్‌లు రెండూ ఒకటి కావు, ఒకటి అస్థి కండరానిది, ఇంకోటి నునుపు కండరానిది. అయినా రెండింటిలోనూ లింకు వంగి రెండు తలలూ పెప్టైడ్‌ని గుప్పిట్లో పట్టుకున్నాయి. కదిలే భాగాన్ని ఏదైనా కట్టేస్తే పద్ధతుల మధ్య తగాదా దాదాపు ఉండదు.

నేను ఇప్పుడు పాటించే వరస ఇది: ముందు చవకగా ఒక హెచ్‌ఎస్‌క్యూసీ, చుక్కలు బాగా విడివిడిగా పరుచుకుంటే స్ఫటికాలకి పెట్టడం, 8 నుంచి 8.5 పీపీఎం మధ్య కుప్పపడితే ప్రొటీన్ ముడుచుకోలేదని ఆగిపోవడం. ఇక వేరేవాళ్ల ఫైల్ దింపుకుని డాకింగ్ మొదలెట్టేవాళ్లు ముందు ఒక్క లైను టైప్ చేయండి:

```
grep "REMARK 465" 1prw.pdb
```

సాంద్రత కనబడక వదిలేసిన అమైనో ఆమ్లాలు ఎక్స్‌-రే ఫైల్లో ఇక్కడ ఉంటాయి. ఎన్‌ఎంఆర్ ఫైల్లో మాత్రం ఈ జాబితా తరచుగా ఖాళీ, ఎందుకంటే డేటా లేని తోకలకి కూడా ప్రోగ్రామ్ ఏదో ఒక ఆకారం ఇచ్చేస్తుంది. అందుకని అక్కడ మొదటి మోడల్ ఒక్కటే తీసుకోకుండా అన్నీ తెరిచి, ఏ భాగం చెదిరిపోతోందో చూసి, అది నిజంగా కదలికో లేక ఎన్‌ఓఈలు దొరక్కపోవడమో రిలాక్సేషన్ డేటాతో సరిచూసుకోవాలి.