కంప్రెసరా, మెష్షా? ఇంట్లో నెబ్యులైజర్‌కి ఏది మేలు?

భోగి పొగ మొదలయ్యే రోజులు దగ్గరపడితే చెన్నై పెరంబూరులో మా చుట్టుపక్కల తెలుగువాళ్లు నన్ను అడిగే మాట ఒకటే: "అక్కా, పిల్లాడికి నెబ్యులైజర్ కొనమన్నారు, చప్పుడు చేసే పెద్దది కొనాలా, చేతిలో పట్టే చిన్నది కొనాలా?" మా ఇంట్లో రెండూ ఉన్నాయి. నాన్నకు సీఓపీడీ అనే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు, రోజూ మందు పట్టాలి, అందుకు కంప్రెసర్ మెషిన్. మా అమ్మాయికి జలుబు చేసినప్పుడల్లా పిల్లికూతలు వస్తాయి, దానికోసం మెష్ మెషిన్. ఏ మందు, ఎంత మోతాదు అన్నది డాక్టరు చెప్పాలి. నేను చెప్పేది మెషిన్ గురించి, అంతకన్నా ఎక్కువగా మెషిన్ ఆపాక చేయాల్సిన పని గురించి.

అందరూ ముందు అడిగేది టైమే. నాన్న పొద్దుటి సెషన్ చూడండి. లెవోసాల్బ్యుటమాల్, ఇప్రాట్రోపియం కలిసిన రెస్ప్యూల్ ఒకటి, అంటే ఒక డోసు మందు ఉన్న చిన్న ప్లాస్టిక్ గొట్టం, 2.5 మి.లీ. దానికి 1 మి.లీ. సెలైన్ కలపమన్నారు డాక్టరు గారు. కంప్రెసర్ కప్పులో ఎంత పోసినా చివర్లో దాదాపు 1 మి.లీ. గోడలకీ అడుగుకీ అంటుకుని మిగిలిపోతుంది. రెస్ప్యూల్ ఒక్కటే పోస్తే పదింట నాలుగు వంతులు అలా మిగులుతుంది. సెలైన్‌తో 3.5 మి.లీ. చేస్తే మిగిలేది మూడో వంతు కన్నా తక్కువ. కాబట్టి మందు ఎక్కువ లోపలికి వెళ్తుంది, కానీ టైము పెరుగుతుంది. నాన్నకు పది పన్నెండు నిమిషాలు పడుతుంది. కప్పు నిటారుగా ఉండాలి, వాలితే పొగ ఆగిపోతుంది. పొగ సన్నబడి కప్పులో చిటపట మొదలైతే పక్కలకు వేలితో నాలుగు దెబ్బలు కొడితే గోడల మీది చుక్కలు కిందికి దిగి మరికాస్త వస్తుంది. మళ్లీ చిటపట అంటే అయిపోయినట్టే. అడుగున మిగిలింది కూడా పూర్తవ్వాలని అరగంట కూర్చోబెట్టక్కర్లేదు.

మెష్‌లో దారి వేరు. వేల సన్న రంధ్రాలున్న పల్చటి రేకు కంపించి మందును నేరుగా తుంపరగా నెడుతుంది. మిగిలేది చాలా కొంచెం. చప్పుడు ఉండదు, బ్యాటరీతో నడుస్తుంది, మందు రేకును తాకుతూ ఉన్నంతవరకు కాస్త వంచినా ఆగదు. రెస్ప్యూల్ ఒకటి ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. నిద్రలో ఉన్న పిల్లకు మాస్కు మెత్తగా ఆనించి పట్టేయొచ్చు. కంప్రెసర్ మోతకు నిద్రలేచి ఏడిస్తే మందు సగం వృథా, ఎందుకంటే ఏడుస్తూ పీల్చే పిల్లల ఊపిరితిత్తుల్లోకి మందు సరిగా దిగదు. ఒక మాట మాత్రం డాక్టరుతో చెప్పాలి: మెష్‌లో అదే రెస్ప్యూల్ నుంచి మందు ఎక్కువ అందుతుంది. చేతులు వణికినా, గుండె దడదడలాడినా ఫలానా మెషిన్ వాడుతున్నామని చెప్పండి.

ఇక్కడిదాకా వింటే మెష్ కొనేద్దాం అనిపిస్తుంది. నేను లెక్క పెట్టేది వేరే చోట. సెషన్ అంటే మాస్కు తీసేదాకా కాదు, కడిగిన కప్పు గుడ్డ మీద ఆరేదాకా. అలా చూస్తే రెండు మెషిన్ల మధ్య తేడా చాలావరకు కరిగిపోతుంది, చెన్నైలో అయితే తిరగబడుతుంది కూడా.

కంప్రెసర్ కప్పు కడగడం సులభం. మిగిలిన మందు పారబోసి, కప్పు తిప్పి విప్పితే మూడు ముక్కలు: అడుగు, లోపలి చిన్న టోపీ, మూత. చేతులు సబ్బుతో కడుక్కుని, ఈ ముక్కల్ని గోరువెచ్చటి నీళ్లతో కడిగి, గట్టిగా విదిల్చి, శుభ్రమైన గుడ్డ మీద పెడతాను. రోజుకోసారి గిన్నెల సబ్బు కాస్త కలిపిన వెచ్చటి నీళ్లలో కడుగుతాను. ఆ చిన్న టోపీ సింకు జాలీలోంచి జారిపోతే ఆ కప్పు ఇక పనిచేయదు, గాలి వీస్తుందే తప్ప పొగ రాదు. అందుకే సింకులో కాదు, గిన్నెలో కడగాలి.

ట్యూబును కడగొద్దు. లోపల నీళ్లు చేరితే ఆరడం కష్టం, బూజు పడుతుంది. సెషన్ తర్వాత ట్యూబులో ఆవిరి చెమ్మ కనబడితే కప్పు తీసేసి ఒట్టి ట్యూబుతో మెషిన్‌ని రెండు మూడు నిమిషాలు నడిపితే ఆరిపోతుంది. లోపల నల్ల మచ్చలు కనబడితే కొత్తది కొనాల్సిందే.

మాస్కుకు సబ్బు నీళ్లు చాలు. మెత్తటి ప్లాస్టిక్ మాస్కు మరిగిస్తే వంకర్లు పోయి ముఖానికి సరిగా అతకదు. సందులోంచి మందు పైకి లేచి కళ్లలోకి వెళ్తుంది. ఇప్రాట్రోపియం కళ్లలో పడితే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది, గ్లాకోమా ఉన్నవాళ్లకు అది ప్రమాదం. నాన్నలాగా నోటితో పట్టుకోగలిగిన పెద్దవాళ్లకు మాస్కు కంటే మౌత్‌పీసే నయం. బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ మందు పట్టిన రోజు మాత్రం మెషిన్ ఏదైనా నోరు పుక్కిలించాలి, మాస్కు వాడితే ముఖం కూడా కడుక్కోవాలి. లేకపోతే నోట్లో తెల్లటి పూత రావచ్చు.

క్రిములు చంపడానికి మా కప్పు తయారీదారు మరిగించొచ్చని రాశారు కాబట్టి, నీళ్లు తెర్లుతుండగా ముక్కల్ని 5 నిమిషాలు వేస్తాను. మీ కప్పు పెట్టె మీద ఏం రాసుందో చూసుకోండి, కొన్ని కప్పులు మరిగిస్తే వంకరపోతాయి.

చెన్నై నీళ్లు ఇక్కడే అడ్డం వస్తాయి. మాకు కొన్నాళ్లు మెట్రో వాటర్, కొన్నాళ్లు బోరు, ఎండాకాలం లారీ. కెటిల్ అడుగున తెల్లటి పొర కట్టే నీళ్లే కప్పు లోపల కూడా పొర కడతాయి. కంప్రెసర్ కప్పులో గాలి వచ్చే సూది బెజ్జం సన్నబడితే పొగ పల్చబడుతుంది, టైము పన్నెండు నుంచి పద్ధెనిమిదికి పాకుతుంది. ఆ బెజ్జం దగ్గర తెల్లటి మచ్చ కనబడుతుంది. తెల్ల వెనిగర్ ఒక పాలు, నీళ్లు మూడు పాళ్లు కలిపి అరగంట నానబెడితే పొర వదులుతుంది, తర్వాత కాచి చల్లార్చిన నీళ్లతో కడగాలి. వెనిగర్ పొరను బాగా వదిలిస్తుంది కానీ అన్ని క్రిముల్నీ చంపదు, మరిగించడాన్ని మానకూడదు. చివరి కడుగుడు మాత్రం ఎప్పుడూ కాచి చల్లార్చిన కేన్ నీళ్లతోనే. అందులో ఉప్పు తక్కువ, కాస్తే క్రిములుండవు.

మెష్‌కి ఇదే నీళ్లు ముప్పు. రంధ్రాలు కొన్ని మైక్రాన్లే. బోరు నీళ్లు ఆరితే ఉప్పు వాటిలోనే ఉండిపోతుంది. రేకును వేలితోగానీ, దూదిపుల్లతోగానీ తాకకూడదు, మరిగించొచ్చో లేదో మోడల్‌ని బట్టి ఉంటుంది. మందు అయిపోగానే మందుల షాపులో దొరికే స్టెరైల్ వాటర్ కాస్త పోసి రెండు నిమిషాలు నడపాలి, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వద్దు. ఈ కడుగుడు ఒక్కరోజు వదిలేసినా రేకు మూసుకోవడం మొదలవుతుంది. ఐదారు నిమిషాల సెషన్ పదయ్యిందంటే ఆ గుర్తే. చివరికి మెషిన్ తల భాగం మార్చాలి, దాని ఖరీదు కంప్రెసర్‌కు కొత్త కప్పు కంటే చాలా ఎక్కువ. బుడెసొనైడ్ మందులో పొడి తేలుతూ ఉంటుంది కదా, అది మెష్‌ని మరింత త్వరగా బంకపట్టిస్తుంది. రోజూ బుడెసొనైడ్ వాడాలంటే నేను మెష్ కొనమనను.

ఇక ఆరబెట్టడం. తమిళుల ఐప్పసి, కార్తిక మాసాల వానల్లో చెన్నైలో గుడ్డలే ఆరవు. తడి కప్పును మూతపెట్టి డబ్బాలో పెడితే క్రిములకు అంతకంటే మంచి చోటు లేదు, రేపు అదే పీల్చుతాం. కంప్రెసర్‌తో దీనికి ఉపాయముంది. కడిగిన కప్పు బిగించి ఖాళీగా ఒక నిమిషం నడిపితే బెజ్జంలో నీళ్లు బయటికి ఊదేస్తుంది. తర్వాత ముక్కల్ని విప్పి గుడ్డ మీద పెడితే చాలు. వంటింటి సింకు పక్కనా, బాత్రూమ్ గోడ దగ్గరా వద్దు. నేను రెండు కప్పులు కొనిపెట్టాను, ఒకటి ఆరుతుంటే ఇంకొకటి వాడకంలో ఉంటుంది. ఒక్కసారిగా సెషన్ టైము చాలా పెరిగిందనుకోండి, రెండో కప్పు పెట్టి చూస్తే తెలుస్తుంది: టైము మామూలైతే కప్పు మూసుకుంది, మామూలు కాకపోతే గాలి ఫిల్టరు మురికిపట్టింది, లేదా మెషిన్ బలం తగ్గింది.

అందుకే రోజూ వాడాల్సిన ఇంటికి నా ఓటు కంప్రెసర్‌కే. మోత ఉంది, బరువు ఉంది, కరెంటు కావాలి. అయినా విప్పి, మరిగించి, ఆరబెట్టగలం. మెష్ అయితే అప్పుడప్పుడు వాడే పిల్లకూ, ప్రయాణాలకూ, కరెంటు పోయిన రాత్రికీ బాగుంటుంది, స్టెరైల్ వాటర్‌తో కడిగే ఓపిక ఉన్న చోట.

అల్ట్రాసోనిక్ మెషిన్ గురించి కూడా అడుగుతారు. అది బుడెసొనైడ్‌కి పనికిరాదు, వదిలేయండి. స్పేసర్ అనే గొట్టంలాంటి డబ్బాతో వాడే ఇన్‌హేలర్ మాత్రం చాలామందికి సరిపోతుంది, చాలా ఉబ్బసపు అవస్థల్లో నెబ్యులైజర్‌తో సమానంగా పనిచేస్తుంది, నిమిషాల్లో అయిపోతుంది. నెబ్యులైజర్ కొనే ముందు ఒకసారి డాక్టరుని అడగండి. మందు పట్టాక కూడా ఆయాసం తగ్గకపోతే, మాట పూర్తి చేయలేకపోతే, పెదవులు నీలం పడితే రెండో డోసుకు ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

షాపుకు వెళ్తే మెషిన్ ధర కంటే ముందు ఇవి అడగండి: కప్పు విడిగా దొరుకుతుందా, ఎంత? మరిగించొచ్చా? ఫిల్టరు దొరుకుతుందా? మెష్ అయితే తల భాగం ఎంత, ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు?