లారీ పాలసీలో 50 రూపాయల లైను: చాలా ఏళ్లు వాడాక నా మాట

లారీ ఇన్సూరెన్స్ అనగానే ప్రీమియం ఎంత, ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టిన విలువ, ఎంత పెట్టారు, క్యాష్‌లెస్ ఉందా అని అడుగుతారు. అవన్నీ ఏజెంటే చెప్తాడు. నేను రాయాలనుకున్నది పాలసీ కాగితంలో లయబిలిటీ లెక్కల కింద, ఓ మూలన ఉండే ఒక్క లైను గురించి. పెయిడ్ డ్రైవర్‌కు, క్లీనర్‌కు లీగల్ లయబిలిటీ. పాలసీకి అదనంగా జతచేసే ఎండార్స్‌మెంట్ ఇది, నంబరు ఐఎంటీ 28. మనిషికి ఏడాదికి 50 రూపాయలు. ఇన్నేళ్లుగా నా అయిదు బండ్ల మీద కట్టిన ప్రీమియం అంతటిలో నాకు మనసు నిండా తృప్తినిచ్చింది ఈ లైనే.

జరిగింది చెప్తాను. లోడింగ్ పాయింట్‌లో బండి నిండింది. మా రెగ్యులర్ డ్రైవరు, వయసు 35, లోడు మీదికెక్కి టార్పాలిన్ సర్దుతున్నాడు. క్లీనరు కింద నుంచి తాడు లాగి హుక్కుకు కడుతున్నాడు. పైన తడి బస్తా మీద కాలు జారి డ్రైవరు నేల మీద పడ్డాడు. ఎడమ చీలమండ ముక్కలైంది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. స్పృహలోకి వచ్చాక అతను అడిగిన మొదటి మాట, "సార్, క్లచ్ తొక్కగలనా?"

బండి ఆగి ఉంది. ఇంజన్ కూడా స్టార్ట్ కాలేదు. ఎవరినీ గుద్దలేదు, బండికి గీత కూడా పడలేదు. ఇన్సూరెన్స్ ఆఫీసుకు ఫోన్ చేస్తే అవతలి మనిషి, "యాక్సిడెంటే కాదు కదండీ, ఎఫ్ఐఆర్ ఏది?" అన్నాడు. నా చుట్టూ ఉన్న ఓనర్లలో కూడా సగం మంది అదే అన్నారు. రోడ్డు మీద జరిగితేనే ఇన్సూరెన్స్ అని అందరి నమ్మకం. 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంది కదా అని ఒకాయన గుర్తుచేశారు. అది ఓనర్-డ్రైవర్‌కు, అంటే బండి ఎవరి పేరు మీద ఉందో, లైసెన్స్ ఎవరికి ఉందో ఆ మనిషికి. జీతానికి నడిపే డ్రైవరుకు దానిలో రూపాయి రాదు.

అప్పుడు పాలసీతో పాటు వచ్చిన ఎండార్స్‌మెంట్ల కాగితం తీసి ఐఎంటీ 28 మొత్తం చదివాను. ఢీకొట్టడం గురించి, రోడ్డు గురించి అందులో మాట లేదు. బండికి సంబంధించిన పనిలో ఉండగా డ్రైవరుకు, కండక్టరుకు, క్లీనరుకు శరీరానికి దెబ్బ తగిలి, 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం ప్రకారం ఓనరు నష్టపరిహారం ఇవ్వాల్సి వస్తే, ఆ బాధ్యత కంపెనీ భరిస్తుంది. అంతే. లోడు మీద టార్పాలిన్ కప్పడం బండి పని కాదని ఎవరూ వాదించలేరు. ఎఫ్ఐఆర్ లేకపోయినా ఆసుపత్రి రికార్డు, లోడింగ్ పాయింట్ గేటు రిజిస్టరు, క్లీనరు వాంగ్మూలం సరిపోయాయి. తీవ్రమైన గాయమైతే ఏడు రోజుల్లోగా, ఈ చట్టం కింద పరిహారం తేల్చే కమిషనరుకు రిపోర్టు పంపాలని ఆ చట్టం చెప్పేది. అది పంపి, అదే రోజు కంపెనీకి కూడా రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకున్నాను.

పరిహారం లెక్క ఎలా వేస్తారో చాలామందికి తెలియదు, కాబట్టి మా కేసుదే చెప్తాను. ఆ 1923 చట్టం ప్రకారం నెల జీతంలో 60 శాతం తీసుకుని, వయసును బట్టి అందులో ఇచ్చిన ఫ్యాక్టరుతో గుణించేవారు. 35 ఏళ్లకు ఆ ఫ్యాక్టరు 197.06. జీతం ఎంత ఉన్నా 2020 జనవరి నుంచి ఆ చట్టం కింద లెక్కకు తీసుకున్నది 15,000 దాకానే. అంటే 9,000 ఇంటూ 197.06, మొత్తం 17,73,540. ఇది మనిషి పూర్తిగా ఏ పనికీ రాకుండా పోతే వచ్చే మొత్తం. మా డ్రైవరు కేసులో సంపాదన శక్తి 30 శాతం పోయిందని తేలింది కాబట్టి చేతికి వచ్చేది 5,32,062.

ఆ 30 శాతం దగ్గరే పెద్ద పేచీ వచ్చింది. డాక్టరు సర్టిఫికెట్‌లో శాశ్వత వైకల్యం 20 శాతం అని ఉంది. కంపెనీ దాన్నే పట్టుకుంది. కానీ చట్టం అడిగేది కాలు ఎంత పోయిందని కాదు, ఆ మనిషి సంపాదించే శక్తి ఎంత పోయిందని. గుమస్తాకైతే చీలమండ బిగుసుకుపోయినా కుర్చీలో పని జరుగుతుంది. హెవీ లారీ నడిపేవాడికి ఎడమ పాదమే క్లచ్. ఈ సంగతి డాక్టరుకు చెప్పి, సంపాదన శక్తి నష్టం ఎంతో విడిగా రాసివ్వమని అడగాలి. అలా రాయించుకుని హియరింగ్‌లో పెట్టాకే 30 శాతానికి ఖరారైంది.

రెండో పేచీ జీతం మీద. ఐఎంటీ 28లో ఒక షరతు ఉంది: డ్రైవరు, క్లీనరు పేర్లు, వాళ్లకిచ్చే జీతం, ఇతర రాబడి ఓనరు రికార్డుగా ఉంచాలి, కంపెనీ అడిగితే చూపాలి. నా లెడ్జరులో అతని జీతం 18,000 అని, బత్తా వేరుగా రాసి, నెలనెలా సంతకం ఉంది. అందుకే 15,000 పరిమితి దాకా వెంటనే ఒప్పుకున్నారు. మా లైనులో చాలామంది జీతం 9,000 అని చూపించి మిగతాది బత్తా కింద ఇస్తారు. ఆ 1923 చట్టంలో ప్రయాణ భత్యాన్ని, పని ఖర్చుల కోసం ఇచ్చే డబ్బును జీతంగా లెక్కించేవారు కాదు కాబట్టి, అలాంటి లెడ్జరు ఉంటే కంపెనీ బత్తాను పక్కన పెట్టమని వాదించేది. ఆ వాదన నెగ్గితే అదే గాయానికి, అదే వయసుకు వచ్చేది దాదాపు 3,19,000. రెండు లక్షలకు పైగా తేడా, రాసే తీరు వల్లే. డ్రైవరు కుటుంబానికి తగ్గుతుంది, ఓనరుకు ఒరిగేదేమీ లేదు.

ఇక ఇంకో సంతోషం. ఇది లయబిలిటీ కింద వచ్చిన క్లెయిమ్ కాబట్టి ఆ బండి నో క్లెయిమ్ బోనస్ కదల్లేదు. బోనస్ పోయేది ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగిన నష్టానికి, క్లెయిమ్ వాడితేనే.

ఇంతవరకు మెచ్చుకున్నాను. కొన్ని మాత్రం చెప్పకుండా ఉండలేను. ఆసుపత్రి డబ్బు మొదట కట్టింది నేనే. పరిహారం నెల దాటి ఆలస్యమైతే దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది, అంటే మా మొత్తం మీద ఏడాదికి దాదాపు 64,000. వడ్డీ కంపెనీ భరించాలి. కానీ ఆలస్యానికి కమిషనరు పెనాల్టీ వేస్తే, అది పరిహారంలో సగం దాకా ఉండొచ్చు, ఓనరే కట్టాలి. సుప్రీంకోర్టు 1997లోనే ఆ తేడా స్పష్టం చేసింది. కాబట్టి కంపెనీ నాన్చుతోందని మనం చేతులు కట్టుకుని కూర్చుంటే మన జేబుకే చిల్లు. ఇంకో విషయం, 2025 నవంబరులో ఈ 1923 చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. మా కేసు పాత చట్టం కింద నడిచింది. కొత్త కేసులకు లెక్కలు అడిగి చూసుకోవాలి.

ఫ్లీట్ డిస్కౌంట్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అయిదు బండ్ల గడువు ఒకే తేదీకి తెచ్చి, ఒకే కంపెనీకి ఇచ్చినప్పుడు మంచి తగ్గింపే ఇచ్చారు, ఆ ఏడు నేను అందరికీ చెప్పుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆ తగ్గింపు ఓన్ డ్యామేజ్ మీదే. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది. మా బండ్లు 20 టన్నుల నుంచి 40 టన్నుల స్లాబులోవి, 2022 జూన్ రేటు ప్రకారం బండికి 43,950. అయిదున్నా యాభై ఉన్నా అక్కడ రూపాయి తగ్గదు. పైగా మరుసటి ఏడు వచ్చిన ఫ్లీట్ కొటేషన్‌లో అయిదు బండ్లకూ పెయిడ్ డ్రైవర్ దగ్గర 1 అని ఉంది, క్లీనరు లేడు. మొత్తం మీద ఆదా అయ్యేది 250 రూపాయలు. దాన్ని 2 చేయించాకే చెక్కు ఇచ్చాను. రెన్యువల్ కాగితంలో ఆ అంకె చూడండి. పేర్లతో పని లేదు, ఎంతమంది అన్నదే ముఖ్యం.

హమాలీలు ఈ లైనులోకి రారు. మీ సొంత కూలీలు లోడింగ్, అన్‌లోడింగ్ చేస్తుంటే దానికి ఐఎంటీ 39 అని వేరే ఎండార్స్‌మెంట్ ఉంది. పని అయ్యాక వాళ్లను లోడు మీద ఎక్కించుకుని తీసుకెళ్లడం మాత్రం వద్దు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. సరుకు యజమానికి, అతని మనిషికి మాత్రమే మినహాయింపు.

క్లెయిమ్ మొదలవగానే కంపెనీ అడిగిన మొదటి కట్టలో నేషనల్ పర్మిట్ ఆథరైజేషన్, ఎఫ్‌సీ అనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, డ్రైవరు హెవీ లైసెన్స్ ఉన్నాయి. మావి గడువులోనే ఉన్నాయి కాబట్టి అక్కడ సమయం పోలేదు. పర్మిట్ లేకుండా బండి రోడ్డెక్కి ఎవరినైనా గుద్దితే, కంపెనీ బాధితులకు కట్టి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆథరైజేషన్ ఏడాదికోసారి కట్టేది, పాలసీ తేదీ వేరు, ఎఫ్‌సీ తేదీ వేరు. మూడూ ఒకే కాగితం మీద రాసి ప్రతి బండి క్యాబిన్‌లో అంటించాను.

డ్రైవరుకు వేరే పర్సనల్ యాక్సిడెంట్ కవర్, ఐఎంటీ 17, కూడా పెట్టించమని ఏజెంటు అన్నాడు. అది ప్రాణం పోతేనో, కన్నో కాలో పోతేనో, మనిషి శాశ్వతంగా ఏ పనికీ రాకుండా పోతేనో పనికొస్తుంది. మా డ్రైవరులా ఎముక విరిగి బిగుసుకుపోతే అందులో వచ్చేదేమీ ఉండదు. అయినా తీసుకున్నాను, ప్రీమియం తక్కువే కాబట్టి.

నా పరిస్థితి వేరు, మీది వేరు కావచ్చు. నేను బండి నడపను, అన్నీ జీతం డ్రైవర్లతో నడుస్తాయి, లెడ్జరు రాసే అలవాటు ముందు నుంచీ ఉంది. ఒక్క బండి కొనుక్కుని తనే నడుపుకునేవాడికి క్లీనరు ఉంటే తప్ప ఈ లైనుతో పెద్దగా పని లేదు, అతనికి ఆ 15 లక్షల కవరే ముఖ్యం. మా కంపెనీ సర్వీసుకు నేను మధ్యరకం మార్కులే వేస్తాను. మొదటి ఫోన్‌లోనే పాలసీ తెరిచి చూసే మనిషి ఉంటే హియరింగ్ దాకా వెళ్లే అవసరమే ఉండేది కాదు. అయినా ఈసారి కూడా అక్కడే రెన్యువల్ చేశాను, ఎందుకంటే ఫ్లీట్ తగ్గింపు ఇంకా మిగిలే ఉంది. మా డ్రైవరు ఇప్పుడు హెవీ బండి ఎక్కడం లేదు. మా ఆఫీసులోనే లోడింగ్ లెక్కలు చూస్తున్నాడు.