రీలొకేషన్ బాండ్: పూర్తి వసూలా, నెలనెలా తగ్గేదా?

విదేశీ ఉద్యోగ ఆఫర్‌లో కంపెనీ భరించే రీలొకేషన్ ఖర్చు 12,000 డాలర్లు, ముందే మానేస్తే ఆ సొమ్ము తిరిగి కట్టాలనే బాండ్ గడువు 24 నెలలు అనుకుందాం. మొదటి రకం ఒప్పందంలో, గడువుకు ఒక్క రోజు ముందు రాజీనామా చేసినా మొత్తం సొమ్ము తిరిగి చెల్లించాలి. రెండవ రకంలో బాకీ నెలకు 500 చొప్పున తగ్గుతుంది కనుక, 18 నెలల తర్వాత వెళ్లిపోయే ఇంజనీరు 3,000 మాత్రమే చెల్లిస్తాడు.

రెండవదే మేలని తోస్తుంది గాని, అసలు మెలిక షరతు ఎప్పుడు వర్తిస్తుందన్న వాక్యంలో ఉంటుంది. మొదటిది స్వచ్ఛంద రాజీనామాకే పరిమితమై, రెండవది “ఏ కారణంచేత ఉద్యోగం ముగిసినా” అంటే, నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను. ఎందుకంటే కంపెనీయే తొలగించినప్పుడు జీతంతోపాటు, దాని స్పాన్సర్‌షిప్‌పై ఆధారపడిన వీసా కూడా ప్రమాదంలో పడుతుంది, అదే సమయంలో బాకీ మీదపడుతుంది. వీసా రుసుములు ఆ మొత్తంలో కలిశాయేమో కూడా చూడాలి. కొన్ని దేశాల్లో వాటిలో కొన్నింటిని ఉద్యోగి నుంచి రాబట్టడం చట్టవిరుద్ధం.